ఎదురుగాలి లేని లెక్క

బ్యాటరీలో ఉన్న కరెంటు ఎన్ని కిలోమీటర్లకు వస్తుందో చెప్పడం ఒట్టి భాగహారమే అనుకున్నాను. జూనియర్ కాలేజీలో ఏళ్ల తరబడి ఫిజిక్సు చెప్పి రిటైరైన వాణ్ని. ఘర్షణ, గాలి నిరోధం, వాలు తలం అన్నీ బోర్డు మీద బొమ్మలేసి చెప్పినవాణ్నే. అయినా ఒక కుర్రాడు వచ్చి తన బతుకుతెరువుకు సంబంధించిన ప్రశ్న అడిగినప్పుడు వాటిలో ఒక్కటీ గుర్తు చేసుకోలేదు. ఒక అంకెను ఇంకో అంకెతో భాగించి, వచ్చిన జవాబును ధైర్యంగా వాడి చేతిలో పెట్టాను. దానివల్ల వాడు పడ్డ కష్టానికి బాధ్యత నాదే.

అతను బోరు మోటార్ల మెకానిక్కు. మా కనిగిరి చుట్టుపక్కల నీళ్లు లోతున ఉంటాయి. ఉన్న నీళ్లలో ఫ్లోరైడు. వానలు అంతంతమాత్రం. పత్తి అయినా మిరప అయినా బోరు మీద ఆధారపడ్డ రైతుకు మోటారు కాలిందంటే ఆ పూటే మనిషి రావాలి. పెట్రోలు ఖర్చు తగ్గుతుందని అతను బ్యాటరీ సైకిలు కొనుక్కున్నాడు. మోటారు 250 వాట్లలోపు, మోటారు సాయం గంటకు 25 కిలోమీటర్ల దగ్గర ఆగిపోయే రకం. అలాంటిదానికి మన చట్టంలో లైసెన్సూ రిజిస్ట్రేషనూ అక్కర్లేదు. వెనక క్యారియరు మీద ఇనప సామాను పెట్టె.

కందుకూరు రోడ్డు వైపు ఒక పల్లెలో పని పడింది. పోను 22 కిలోమీటర్లు, రాను 22.

"సార్, రానూపోనూ నలభై నాలుగు. దీంతో అవుద్దంటారా?" అన్నాడు.

బ్యాటరీ మీద 36 వోల్టులు, 10 ఆంపియర్ అవర్ అని ఉంది. రెండూ గుణిస్తే 360 వాట్ అవర్లు. కిలోమీటరుకు 6 వాట్ అవర్లు సరిపోతాయని ఎక్కడో చదివిన గుర్తు. 360ని 6తో భాగిస్తే 60. "నిక్షేపంగా పోయి రా నాయనా, ఇంకా పదహారు కిలోమీటర్లు మిగులుతుంది" అన్నాను. అక్కడితో ఆగినా బాగుండేది. "బరువు ఎంత తగ్గితే అంత మంచిది. పెట్టెలో ఇవాళ అక్కర్లేనివి తీసి ఇక్కడ పెట్టిపో" అని కూడా అన్నాను. అతను కాసేపు ఆలోచించి, బోరులోంచి పైపులు లాగేటప్పుడు జారిపోకుండా పట్టుకునే రెండు ఇనప క్లాంపులు తీసి మా వరండాలో పెట్టాడు. 8 కిలోలు ఉంటాయి.

పొద్దున బాగానే వెళ్లాడు. అక్కడికి వెళ్లాక లోపం స్టార్టరులో కాదు, లోపలున్న మోటారులోనే అని తేలింది. పైపులు లాగాలి. క్లాంపులు నా ఇంట్లో ఉన్నాయి. పక్క ఊళ్లో అడిగి తెచ్చుకుని పని ముగించేసరికి మధ్యాహ్నం దాటింది. బయల్దేరబోతూ ఫోన్ చేసి, సైకిలు తెర మీద అయిదు ఛార్జి గీతల్లో మూడున్నాయని చెప్పాడు. "సగం పైన ఉందిగా, వచ్చెయ్" అన్నాను. అది వేసవి చివర. పడమటి గాలి మొదలైంది. కనిగిరికి తిరిగి రావడమంటే ఆ గాలికి ఎదురెళ్లడం. దాదాపు 12 కిలోమీటర్లు వచ్చాక మోటారు ఆగిపోయింది. మిగిలిన 10 కిలోమీటర్లు ఆ బరువు సైకిలును తొక్కుతూ, తొక్కలేనప్పుడు దిగి నెట్టుకుంటూ, చీకటి పడ్డాక ఇంటికి చేరాడు. మర్నాడు క్లాంపుల కోసం వచ్చినప్పుడు నన్ను ఒక్క మాట అనలేదు. నా జవాబులో తప్పెక్కడుందో అప్పుడు కాగితం పెట్టి చూశాను. ముందే చేయాల్సిన పని అది.

మొదటి తప్పు 360 దగ్గరే ఉంది. పేరుకు 360 ఉన్నా, చివరి చుక్క దాకా వాడుకోనివ్వరు. 36 వోల్టుల బ్యాటరీలో పది సెల్లుల వరస ఉంటుంది. నిండా ఛార్జి అయితే 42 వోల్టులు చూపిస్తుంది. 30, 31కి దిగేసరికి లోపలి రక్షణ సర్క్యూటు సెల్లులు పాడవకుండా సరఫరా తెంచేస్తుంది. బ్యాటరీ కొంచెం పాతబడి, లోడు ఎక్కువగా ఉంటే ఆ తెగిపోవడం ఇంకా ముందే వస్తుంది. నూటికి 85 పాళ్లు చేతికొస్తాయనుకుంటే లెక్కకు దొరికేది 306. దీన్ని మాత్రం మామూలు జాగ్రత్తగా ఎవరైనా పట్టుకోగలరు. అసలు తప్పు ఆ 6లో ఉంది.

కిలోమీటరుకు ఎంత ఖర్చవుతుందన్నది సైకిలుకు పుట్టుకతో వచ్చే అంకె కాదు. సైకిలును ఆపుతున్న బలాలు ఎన్ని న్యూటన్లో తెలిస్తే, దాన్ని 3.6తో భాగిస్తే కిలోమీటరుకు పట్టే వాట్ అవర్లు వస్తాయి. వాట్ అవరులో 3,600 జౌళ్లు, కిలోమీటరులో 1,000 మీటర్లు ఉంటాయి కాబట్టి ఇంత సులువు. ఆపే బలాలు మూడు: టైరు నలుగుడు, గాలి, ఎత్తు.

టైరు సంగతి చూద్దాం. కుర్రాడు 72 కిలోలు, సైకిలు 24, క్లాంపులు తీసేశాక పెట్టె 16. మొత్తం 112. తారు రోడ్డు మీద, టైర్లలో గాలి సరిగా ఉంటే, ఈ బరువులో వెయ్యింటికి 8 వంతులు నిరోధంగా మారుతుంది. అంటే సుమారు 8.8 న్యూటన్లు, కిలోమీటరుకు 2.4 వాట్ అవర్లు. ఇది వేగంతో పెద్దగా మారదు.

గాలి అలా కాదు. నిటారుగా కూర్చుని తొక్కే మనిషికి గాలి నిరోధం, సెకనుకు మీటర్లలో వేగాన్ని వర్గం చేసి 0.33తో గుణిస్తే వచ్చేంత ఉంటుంది. ఇందులో వేగమంటే రోడ్డు మీది వేగం కాదు, ముఖానికి తగిలే గాలి వేగం. గాలి ఆడని పొద్దున పూట గంటకు 25 కిలోమీటర్ల మీద వెళ్తే కిలోమీటరుకు 4.4 వాట్ అవర్లు ఒక్క గాలికే పోతాయి. టైరుది కలిపితే 6.8. ఇదంతా చక్రం దగ్గర కావలసింది. మోటారు, కంట్రోలరు వేడి రూపంలో పోగొట్టేది పోను బ్యాటరీ ఇచ్చినదాంట్లో మూడొంతులే చక్రానికి చేరుతుందనుకోవాలి. కాబట్టి చక్రానికి కావలసినదాంట్లో మనిషి కాళ్లు ఇచ్చేది తీసేసి, మిగిలింది 0.75తో భాగించాలి.

మనిషి కాళ్లు ఎంత ఇస్తాయన్నదే ఈ లెక్కలో కీలకం. నేను చదివిన 6, మనిషి నిజంగా తొక్కుతున్నప్పటిది. మంచి ధర సైకిళ్లలో పెడలు మీద పడే ఒత్తిడిని కొలిచే టార్క్ సెన్సరు ఉంటుంది. నువ్వు ఎంత బలం పెడితే దానికి ఇన్ని రెట్లు అని మోటారు సాయం చేస్తుంది. అక్కడ సాయం స్థాయి అంటే ఆ రెట్లు. మన దగ్గర చవకలో దొరికేవాటిలో ఎక్కువగా ఉండేది పెడలు తిరుగుతోందా లేదా అని మాత్రమే చూసే సెన్సరు. కాలు ఊరికే తిప్పుతున్నా, బలంగా తొక్కుతున్నా దానికి తేడా తెలియదు. స్థాయి 5లో పెడితే 25 వేగం దాకా మోటారే లాక్కుపోతుంది, మనిషి కాళ్లు గాల్లో తిరుగుతుంటాయి. నీ సైకిలు ఏ రకమో తెలుసుకోవడం కష్టం కాదు. చదును నేల మీద ఎక్కి, బలం పెట్టకుండా పెడలు తిప్పి చూడు. బలంగా తొక్కినప్పటంత జోరుగానే మోటారు లాగిందంటే అది తిరుగుడును చూసే రకం.

కుర్రాడిది ఆ రకమే. స్థాయి 5లో పెట్టుకుని వెళ్లానని తర్వాత చెప్పాడు. అందులో వాడి తప్పేం లేదు. నేను అడగలేదు, చెప్పలేదు. అలా తిప్పేవాడి నుంచి చక్రానికి చేరేది 25 వాట్లు ఉంటే గొప్ప. అంటే కిలోమీటరుకు 1 వాట్ అవరు. 6.8లో అది తీసేసి 0.75తో భాగిస్తే బ్యాటరీ నుంచి 7.7. ఇరవై రెండు కిలోమీటర్లకు 170.

కందుకూరు వైపు నేల సముద్రం దిక్కుకు దిగుతూ పోతుంది. ఆ పల్లెకూ కనిగిరికీ ఎత్తు తేడా 70 మీటర్లనుకుందాం. 112 కిలోలను 70 మీటర్లు ఎత్తడానికి 21 వాట్ అవర్లు కావాలి, బ్యాటరీ లెక్కలో 28. పోయేటప్పుడు దిగుడు కాబట్టి ఆ 28 కలిసొచ్చింది. 170లో 28 పోతే 142. మధ్యాహ్నానికి బ్యాటరీలో వాడుకోదగ్గది 164 మిగిలింది. తెర మీద మూడు గీతలు చూసి సగం పైన ఉందని నేను అన్నది అక్షరాలా అబద్ధమేం కాదు. కానీ మిగిలింది పోయినదానికంటే ఎక్కువని తృప్తి పడి, రాబోయే దారికి ఎంత కావాలో అడగలేదు.

వచ్చేటప్పుడు ఏమైందో చూద్దాం. ఆ 70 మీటర్లు ఇప్పుడు ఎక్కాలి. కిలోమీటరుకు 1 వాట్ అవరు చొప్పున అదనం. ఎదురుగాలి గంటకు 12 కిలోమీటర్లు. మోటారు శక్తి చాలక వేగం 22కి పడింది. ముఖానికి తగిలేది 34. దాన్ని సెకనుకు మీటర్లలోకి మార్చి వర్గం చేస్తే గాలి ఒక్కదానికే కిలోమీటరుకు 8.2 వాట్ అవర్లు. పొద్దుటిదానికి దాదాపు రెట్టింపు, అదీ వేగం తగ్గిన తర్వాత. టైరు, ఎత్తు కలిపితే 11.6. కాళ్లది తీసేసి 0.75తో భాగిస్తే 13.9. 164ను 13.9తో భాగిస్తే దాదాపు 12.

కాగితం మీద ఆ 12 చూసినప్పుడు పెన్ను పక్కన పెట్టేశాను. వాడి మోటారు ఆగింది అక్కడే. ఇంత దగ్గరగా రావడంలో కొంత కాకతాళీయం ఉంది. నేను వేసుకున్న నిరోధాలు, గాలి వేగం అన్నీ ఉజ్జాయింపులే. కానీ ఆ ఉజ్జాయింపు ముందు రోజు వేసి ఉంటే 60 అనే మాట నా నోట వచ్చేది కాదు.

ఎగుడు దిగుడు గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే నాలాంటివాళ్లు అక్కడే పొరబడతారు. మెల్లగా వాలిన నేల మీద పోయేటప్పుడు దిగిన ఎత్తు వచ్చేటప్పుడు ఎక్కే ఎత్తుతో దాదాపు చెల్లుకు చెల్లవుతుంది. బ్రేకు వేయకుండా దిగినంత వరకు అది నిజం. దోర్నాల నుంచి శ్రీశైలం ఘాటు ఎక్కి దిగితే నిజం కాదు. అక్కడ దిగేటప్పుడు ఆ ఎత్తంతా బ్రేకుల్లో వేడిగా పోతుంది, ఈ సైకిళ్ల చక్రం మోటారు దాన్ని తిరిగి బ్యాటరీలోకి ఎక్కించదు. మా దారిలో ఎత్తు చెల్లింది కాబట్టి గాలి కూడా చెల్లుతుందని నా మనసులో ఎక్కడో ఉంది. గాలి చెల్లదు. వర్గం ఉన్నచోట వెనక నుంచి తోసే గాలి ఇచ్చేదానికంటే ఎదురుగా వచ్చేది ఎప్పుడూ ఎక్కువే తీసుకుంటుంది. పైగా మా వైపు ఆ రోజుల్లో పొద్దున గాలి ఆడదు, మధ్యాహ్నం వీస్తుంది. పొద్దున తూర్పుకు పోయి సాయంత్రం పడమటికి వచ్చేవాడికి తోసే గాలి అసలు దొరకదు, ఎదురుగాలి మాత్రం తప్పదు.

ఇక బరువు. నన్ను ఎక్కువగా బాధించింది ఇదే. 8 కిలోల క్లాంపులు మోసుకెళ్లి ఉంటే టైరు నిరోధం కిలోమీటరుకు 0.17 వాట్ అవర్లు పెరిగేది. రానూపోనూ 44 కిలోమీటర్లకు బ్యాటరీ నుంచి 10 వాట్ అవర్లు. సాయంత్రం ఎదురుగాలిలో అది ముప్పావు కిలోమీటరు. ముప్పావు కిలోమీటరు కోసం వాడి పనిముట్టు తీయించి, వాడి పూటంతా వృథా చేయించాను. ఘాటు ఎక్కేవాడికి ప్రతి కిలో లెక్కే, ఎత్తుకు పట్టే ఖర్చు సూటిగా బరువుతో పెరుగుతుంది. మా మెట్ట మీద అలా కాదు. ఇక్కడ బరువు చేసే నష్టం కంటే గాలిది, వేగానిది ఎన్నో రెట్లు ఎక్కువ. బరువు కంటికి కనబడుతుంది, చేత్తో ఎత్తి చూడొచ్చు. అందుకే సలహా ఇచ్చేవాడి చూపు ముందు దాని మీదే పడుతుంది.

అదే దారి, అదే బ్యాటరీ, అదే గాలిలో ఇంకో విధంగా వెళ్లి ఉంటే ఏమయ్యేదో కూడా వేసి చూశాను. పొద్దున 20 వేగంతో, చక్రానికి 60 వాట్లు అందేలా నిజంగా తొక్కుతూ వెళ్తే కాళ్ల వాటా కిలోమీటరుకు 3. దిగుడు కలిసొచ్చి బ్యాటరీ నుంచి పోయేది మొత్తం 40 లోపే. సాయంత్రం స్థాయి 2లో, 16 వేగంతో, అదే 60 వాట్లతో తొక్కితే ముఖానికి తగిలే గాలి 28. బ్యాటరీ నుంచి కిలోమీటరుకు 7, మొత్తం 153. రెండూ కలిపితే 190కి కాస్త పైన. 306లో ఇంకా మూడో వంతుకు మించి మిగిలేది. పొద్దున 5లోనే వెళ్లిపోయి సాయంత్రం ఒక్కటే 2లో వచ్చినా, మిగిలిన 164తో ఇల్లు చేరేవాడు, బొటాబొటీగా. 60 వాట్లంటే ఆరోగ్యంగా ఉన్న మనిషికి ఆయాసం రాని తొక్కుడు. కానీ ఎండలో బోరు పైపులు లాగి అలసిన మనిషికి అది తేలిక అని ఇంట్లో కూర్చుని నేను అనకూడదు. వాడికి 40 అని వేసుకోవాలి.

గీతల మాట కూడా చెప్తాను. ఆ అయిదు గీతలు చాలా సైకిళ్లలో వోల్టేజీని చూసి వెలిగేవి. ఈ సెల్లుల వోల్టేజీ మధ్య భాగంలో చాలా నెమ్మదిగా దిగుతుంది, చివర్లో ఒక్కసారిగా పడిపోతుంది. అందువల్ల మూడు గీతలకూ రెండు గీతలకూ మధ్య ఉన్న దూరం, రెండుకూ ఒకటికీ మధ్య ఉన్న దూరంతో సమానం కాదు. ఎదురుగాలిలో మోటారు గట్టిగా లాగుతున్నప్పుడు ఒక గీత పోతుంది, ఆగి నీళ్లు తాగేలోపు తిరిగి వస్తుంది. తిరిగొచ్చిన గీతను చూసి శక్తి ఉందనుకోకూడదు. లాగేటప్పుడు గీత పడడం మొదలైందంటే బ్యాటరీ అడుగు దగ్గరపడుతోందని అర్థం, అప్పుడే స్థాయి తగ్గించుకోవాలి.

ఫోనులో చూపించే గాలి వేగం నేల నుంచి 10 మీటర్ల ఎత్తులోది. బయలు నేల మీద సైకిలు తొక్కేవాడి ఛాతీ దగ్గర అందులో దాదాపు మూడింట రెండు వంతులు ఉంటుంది. ఫోను 18 అంటే మనకు 12. ఫోను చూడకపోయినా, ఆకులు, సన్నటి రెమ్మలు ఆగకుండా కదులుతుంటే పైన 12కు తక్కువ లేదనుకోవచ్చు. జర్మనీ సంస్థ బాష్ తన మోటార్లకు పెట్టిన రేంజ్ లెక్కలో బరువు, సాయం స్థాయితో పాటు గాలిని కూడా అడుగుతుంది. ఆ ప్రశ్న నాకు తట్టలేదు.

నా ఉజ్జాయింపులను నమ్మమని అతన్ని మళ్లీ అడిగే హక్కు నాకు లేదు, కాబట్టి కొలిచాం. ప్లగ్గులో పెట్టి ఎంత కరెంటు లాగిందో చూపించే చిన్న మీటరు ఒకటి కొన్నాను. బ్యాటరీ నిండా ఎక్కించి, అతను రోజూ వెళ్లే దారిలో వెళ్లొచ్చాక మళ్లీ నిండేదాకా ఎక్కించి, మీటరు చూపించిన యూనిట్లలో ఛార్జరు పోగొట్టేదానికి నూటికి 15 తీసేసి, నడిచిన కిలోమీటర్లతో భాగించాలి. గాలి లేని రోజుది ఒకటి, గాలి ఉన్న రోజుది ఒకటి, స్థాయి 2ది, స్థాయి 5ది వేరువేరుగా రాసుకోవాలి. అలా వచ్చిన అంకెలు ఆ మనిషివి, ఆ సైకిలువి, ఆ రోడ్డువి. నా 0.33 తప్పయినా ఆ అంకెలు తప్పు కావు.

అతను ఇప్పుడు క్లాంపులు పెట్టెలోనే ఉంచుకుంటున్నాడు. వాటితో పాటు ఛార్జరు కూడా. అరకిలో పైచిలుకు ఉండే ఆ 2 ఆంపియర్ల ఛార్జరు గంటకు సుమారు 75 వాట్ అవర్లు ఎక్కిస్తుంది. పని చేసే రెండు గంటల్లో రైతును అడిగి ఇంట్లో ప్లగ్గుకు పెట్టుకుంటే 150. కిలోమీటరుకు 13.9 అయిన ఆ సాయంత్రం గాలిలో కూడా అది దాదాపు 11 కిలోమీటర్లు. ఆ రోజు నేను చెప్పాల్సింది "పెట్టెలోంచి తీసెయ్" అని కాదు, "ఛార్జరు పెట్టుకో" అని.